రాత్రి చదువుకి ఏం తాగాలి: చాయా, కాఫీయా, టిన్నా?

మా చిన్నాన్న కూతురు ఇంటర్ సెకండియర్. పోయిన నెల రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అన్నా, మా రూమ్‌లో అందరూ ఎనర్జీ డ్రింక్ తాగుతున్నారు. నేను చాయ్ తాగితే పదకొండున్నరకే తూగుతున్నాను. నేను కూడా అది మొదలుపెట్టాలా?" అని అడిగింది. ఇట్లాంటి ప్రశ్న నన్ను అడగడానికి దానికి రెండు కారణాలున్నాయి. నేను బీఫార్మసీ చదివాను. ఆ తర్వాత డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షకి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మూడేళ్లు గది తీసుకుని చదివాను. ఆ మూడేళ్లలో చాయ్, కాఫీ, ఎనర్జీ డ్రింక్ టిన్ను మూడింటితోనూ రాత్రుళ్లు గడిపినవాణ్ణి.

ఫోన్‌లో దానికి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. మరునాడు కాగితం మీద లెక్క వేసి పంపాను. ఆ లెక్కనే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాత్రి భోజనం తర్వాత చదువుకునేవాళ్లకి ఎనర్జీ డ్రింక్ ఈ మూడింట్లోకి చెడ్డ ఎంపిక. చాలామంది అనుకునేట్టు అందులో కెఫీన్ విపరీతంగా ఉండటం వల్ల కాదు. మామూలు కాఫీలో ఉన్నంత కెఫీనే అందులోనూ ఉంటుంది. దానితోపాటు కడుపులోకి పోయే చక్కెర, దాన్ని తాగే వేళ, ఈ రెండూ కలిసి చదువుని దెబ్బతీస్తాయి.

మొదట కెఫీన్ సంగతి. టిన్ను మీద ఎద్దులు, మెరుపులు, పిడుగులు బొమ్మలేసి ఉంటాయి కాబట్టి లోపల ఏదో మహా శక్తి ఉందని అనిపిస్తుంది. మన దేశంలో దానికి హద్దు ఉంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం కెఫీన్ పానీయం అని అమ్మేదానిలో లీటరుకి 145 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, 300 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 250 మిల్లీలీటర్ల టిన్నులోనో సీసాలోనో ఎక్కువలో ఎక్కువ 75 మిల్లీగ్రాములు. షాపుల్లో దొరికేవి దాదాపు ఆ పైహద్దుకి దగ్గరగానే ఉంటాయి. సీసా వెనక చిన్న అక్షరాల్లో 100 మిల్లీలీటర్లకి ఎంత అని రాసి ఉంటుంది, అది 29 అనో 30 అనో కనిపిస్తుంది. చాలామంది ఆ 30 చూసి "ఇంతేనా" అనుకుని సీసా మొత్తం తాగేస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చించాలని గుర్తుండదు.

ఇప్పుడు కాఫీ. జాతీయ పోషకాహార సంస్థ మనకి దగ్గరే, హైదరాబాద్ తార్నాకలో ఉంది. వాళ్లు 2024లో ఐసీఎంఆర్‌తో కలిసి ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 150 మిల్లీలీటర్ల కప్పుకి లెక్క ఇచ్చారు. డికాషన్ దించిన కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజు మొత్తం మీద 300 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు. అంటే ఇంట్లో అమ్మ పెట్టిచ్చే ఒక గ్లాసు ఫిల్టర్ కాఫీలో టిన్నులో ఉన్నంతో, అంతకంటే ఎక్కువో కెఫీన్ ఉంటుంది. ఈ మాట చెప్తే మా రూమ్మేట్ నమ్మలేదు. "మరి టిన్ను తాగితే గుండె దడదడ కొట్టుకుంటుంది కదా, కాఫీకి కొట్టుకోదే?" అన్నాడు. చల్లటి తీపి పానీయాన్ని దాహం మీద రెండు నిమిషాల్లో గటగటా తాగేస్తాం. వేడి కాఫీని పావుగంట ఊదుకుంటూ తాగుతాం. పైగా మా వాడు టిన్ను తాగేది సాయంత్రం మూడు చాయ్‌లు పడ్డాక. ఆ చాయ్‌ల లెక్క వాడు ఎప్పుడూ కలపలేదు.

హాస్టళ్లలో తాగే కాఫీ విషయంలో ఒక చిక్కు ఉంది. దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. మనం కొనే కాఫీ పొడుల్లో, ఇన్‌స్టంట్ పొడుల్లో చాలావాటిలో చికోరీ కలుస్తుంది. అది ఒక దుంపని వేయించి కొట్టిన పొడి. చేదు ఇస్తుంది, నల్లటి రంగు ఇస్తుంది, చిక్కదనం ఇస్తుంది. కెఫీన్ మాత్రం అందులో అసలు లేదు. ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతమో చికోరీ ఎంత శాతమో తప్పనిసరిగా రాయాలి. ప్యూర్ ఇన్‌స్టంట్ పొడి ఒక చెంచా, అంటే దాదాపు రెండు గ్రాములు వేస్తే 60 మిల్లీగ్రాముల కెఫీన్ వస్తుంది. చికోరీ సగం దాకా కలిసిన పొడి అంతే వేస్తే 30 చిల్లర వస్తుంది. రంగు మాత్రం ఇంకా ముదురుగా ఉంటుంది. "కాఫీ నాకు పనిచేయట్లేదు, అందుకే టిన్నుకి మారాను" అన్న ఇద్దరు ముగ్గురిని నేను ప్యాకెట్ తెమ్మన్నాను. చూస్తే అన్నీ చికోరీ బాగా కలిసినవే. వాళ్లకి పనిచేయనిది కాఫీ కాదు, ఆ కప్పులో కాఫీయే తక్కువ.

గింజలో కూడా తేడా ఉంది. అరబికాలో బరువులో దాదాపు 1.2 శాతం కెఫీన్ ఉంటే రోబస్టాలో దాదాపు రెట్టింపు ఉంటుంది. మన అరకు లోయలో పండేది అరబికా. కాబట్టి ఒకే కొలతతో వేసుకున్న రెండు ఫిల్టర్ కాఫీలు కూడా ఒకటి కాదు. అయినా రాత్రి చదువుకి ఆ తేడా అంత పెద్దది కాదు, ముందుకి పోదాం.

చాయ్ లెక్క పుస్తకంలో చూస్తే సరిపోదు. మనం ఇంట్లో కప్పు కొలిచి తాగేది ఒకటి, బండి దగ్గర తాగేది ఒకటి. అశోక్‌నగర్‌లో మా స్టడీ హాల్ కింద ఒకాయన చాయ్ బండి పెట్టేవాడు. ఒకరోజు రాత్రి జనం పలచబడ్డాక, "అన్నా, ఒక్క గిన్నెకి ఏమేం వేస్తవో చెప్పు" అని అడిగాను. ఆయన "పరీక్షల వస్తదా తమ్మీ ఇది?" అని నవ్వి చెప్పాడు. లీటరు పాలు, ముప్పావు లీటరు నీళ్లు, పాతిక గ్రాముల చాయ్ పత్తి, 160 గ్రాముల చక్కెర. మరిగి మరిగి చివరికి పదహారు చిన్న కప్పులు దిగుతాయి. కప్పు అంటే 90 మిల్లీలీటర్లు. పదహారుతో భాగిస్తే కప్పుకి ఒకటిన్నర గ్రాముల చాయ్ పత్తి, పది గ్రాముల చక్కెర. ఎండిన తేయాకులో కెఫీన్ బరువులో రెండు మూడు శాతం ఉంటుంది కాబట్టి ఆ బుల్లి కప్పులో దాదాపు 40 మిల్లీగ్రాములు పడుతుందని వేసుకోవచ్చు.

అంటే రెండు బండి చాయ్‌లు తాగితే కెఫీన్‌లో ఒక టిన్నుకి సమానం. ఈ మాట చాయ్ అంటే ప్రాణం ఇచ్చే నాలాంటివాళ్లకి రుచించదు, కానీ నిజం. చాయ్‌ని ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువ మరిగించి "కడక్" చేయించుకుంటే నిద్ర ఎక్కువ ఆగుతుందని ఒక నమ్మకం ఉంది. కెఫీన్ వేడి నీళ్లలో తొందరగా కరుగుతుంది, మొదటి కొన్ని నిమిషాల్లోనే చాలా భాగం దిగిపోతుంది. తర్వాత మరిగించేకొద్దీ ఎక్కువగా దిగేవి వగరునిచ్చే టానిన్లు. రంగు ముదురుతుంది, నాలుక పట్టుకుంటుంది, మెలకువలో పెద్ద మార్పు ఉండదు. ఆ టానిన్లకి ఇంకో గుణం ఉంది. భోజనంలోని ఐరన్‌ని పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ తాగొద్దని పోషకాహార సంస్థ చెప్తోంది. మెస్‌లో అన్నం తిని చెయ్యి కడుక్కోగానే చాయ్ బండి దగ్గరికి పోయే ఆడపిల్లలు ఈ ఒక్కటి తప్పక గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర రక్తహీనత వాళ్లలో ఎక్కువ.

కెఫీన్ ఒంట్లో ఏం చేస్తుందో తెలిస్తే వేళ ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది కణాల మీద తనకోసం ఉన్న చోట్లలో కూర్చుంటే మనకి నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆకారం దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వెళ్లి ఆ చోట్లని ముందే ఆక్రమిస్తుంది. బస్సులో సీటు మీద రుమాలు వేసినట్టు. అడినోసిన్ మాత్రం ఎక్కడికీ పోదు, నిలబడే ఉంటుంది. కెఫీన్ దిగిపోగానే అంతా ఒక్కసారి కూర్చుంటుంది. ఒంటికి కొత్త శక్తి ఏదీ రాలేదు, నిద్ర కబురు ఆలస్యంగా అందింది, అంతే. టిన్ను మీద రాసిన ఎనర్జీ అన్న మాటకి అర్థం చక్కెరలోని కేలరీలు మాత్రమే.

తాగిన కెఫీన్ ముప్పావుగంట అటూ ఇటూగా రక్తంలో పతాకస్థాయికి చేరుతుంది. తర్వాత నెమ్మదిగా దిగుతుంది. సగం తగ్గడానికి పెద్దవాళ్లలో సగటున అయిదు గంటలు పడుతుంది. మనిషిని బట్టి ఇది చాలా మారుతుంది. సిగరెట్ తాగేవాళ్లలో లివర్ దాన్ని రెట్టింపు వేగంతో విరగ్గొడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో రెట్టింపు సమయం పడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటున్న రోజుల్లో కూడా బాగా ఆలస్యమవుతుంది. జ్వరానికో మూత్రంలో మంటకో ఆ మాత్ర రాశాక, రోజూ తాగే చాయ్‌కే చేతులు వణుకుతున్నాయని భయపడినవాళ్లని నేను మందుల షాపులో పనిచేసినప్పుడు చూశాను.

సరే, అయిదు గంటల లెక్కతో ఒక రాత్రి చూద్దాం. ఇది నా నోట్‌బుక్‌లోని నా సొంత రాత్రే. సాయంత్రం ఆరున్నరకి చాయ్, 40 మిల్లీగ్రాములు. రాత్రి తొమ్మిదిన్నరకి ఒక టిన్ను, 75. సరిగ్గా పన్నెండుకి ఇంకో టిన్ను, 75. పడుకుంది రెండింటికి. ఆ సమయానికి చాయ్‌లోది 14 మిగిలింది. మొదటి టిన్నులోది 40. రెండోది తాగి రెండు గంటలే అయింది కాబట్టి 57. అంతా కలిపితే 111 మిల్లీగ్రాములు. అంటే ఒక గ్లాసు నిండా ఫిల్టర్ కాఫీ తాగి, అప్పుడే దిండు మీద తల పెట్టినట్టు. పడుకునే ముందు 100 మిల్లీగ్రాముల కెఫీన్ కొందరిలో నిద్రని చెడగొట్టడానికి చాలని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. ఆ రాత్రి నేను నాలుగు దాకా సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను.

మరునాడు పదింటికి కోచింగ్ సెంటర్‌లో గ్రాండ్ టెస్ట్. ముందు రాత్రి నేను చదివింది ఫార్మకోకైనెటిక్స్, అంటే మందు ఒంట్లో ఎంత వేగంగా ఎక్కుతుందో దిగుతుందో లెక్కగట్టే పాఠం. పన్నెండు నుంచి రెండు దాకా ఫార్ములాలన్నీ రాసి చూసుకున్నాను, తప్పు లేకుండా వచ్చాయి. హాల్లో కూర్చున్నాక మందు సగం తగ్గే సమయం కనుక్కునే ఫార్ములా, 0.693 తో మొదలయ్యేది, పేపర్ మీద చూస్తూ చూస్తూ పైదేదో కిందదేదో గుర్తుకు రాలేదు. ముందు రాత్రి కెఫీన్ మీద ఆ లెక్కే వేసి ఉంటే బాగుండేది. చదివింది మెదడులో నిలబడేది చదివిన తర్వాత పడుకున్న నిద్రలో. ఆ నిద్రని రెండు గంటలు కోసేశాక, పన్నెండు నుంచి రెండు దాకా సంపాదించింది ఏమిటని ఆ మధ్యాహ్నం చాలా బాధపడ్డాను.

"నాకు అట్లా ఏమీ కాదు, టిన్ను తాగి కూడా పడుకుంటే నిద్ర పట్టేస్తుంది" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. కానీ 2013లో అమెరికాలో చేసిన ఒక పరిశోధన వాళ్ల గురించే. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చారు. నిద్రని కొలిచే పరికరం గంటకి పైగా నిద్ర తగ్గిందని చూపించింది. వాళ్లు పొద్దున్నే రాసిన డైరీల్లో మాత్రం ఆ తేడా సరిగ్గా కనిపించలేదు. 400 పెద్ద మోతాదే, మన రెండు టిన్నులకి రెండున్నర రెట్ల పైన. నేను దాన్నుంచి తీసుకునేది మోతాదు కాదు. నిద్ర తగ్గిన సంగతి నిద్రపోయినవాడికే తెలియకపోవచ్చన్నది. పొద్దున అలారం మూడుసార్లు ఆపారా, పదకొండింటికి క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయా, ఆదివారం పదకొండు దాకా లేవలేకపోతున్నారా, ఇవి చూసుకుంటే తెలుస్తుంది.

ఇక చక్కెర. నాకు కోపం ఎక్కువగా ఉన్నది దీని మీదే. మామూలు ఎనర్జీ డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకి 11 గ్రాముల చక్కెర ఉండటం సాధారణం. 250 మిల్లీలీటర్ల టిన్నులో 27 గ్రాములు. టీ చెంచాతో కొలిస్తే అయిదు చెంచాల పైన. కొన్ని చవక సీసాల్లో చక్కెర తగ్గించి తీపి కోసం వేరే స్వీటెనర్లు కలుపుతారు, వాటిలో తక్కువ ఉంటుంది. లేబుల్ చూడాలి. రోజు మొత్తానికి విడిగా కలిపిన చక్కెర 50 గ్రాములు దాటొద్దని, వీలైతే 25 లోపే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే ఒక్క టిన్నుతోనే ఆ పాతిక దాటిపోయింది. నా నోట్‌బుక్ రాత్రిలో రెండు టిన్నులు, ఒక చాయ్ కలిపి 64 గ్రాములు. అదీ కదలకుండా కుర్చీలో కూర్చుని, ఒంటికి చక్కెరని సర్దుకునే శక్తి పగటికంటే తగ్గే రాత్రి వేళలో.

ఆరోగ్యం సంగతి అలా ఉంచినా, చదువుకైనా ఆ చక్కెర పనికొస్తుందా? పనికొస్తుందనే అందరి నమ్మకం. మెదడుకి గ్లూకోజ్ కావాలి కదా అంటారు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో 2006లో ఒక ప్రయోగం చేశారు. ముందు రాత్రి అయిదు గంటలే పడుకోనిచ్చిన యువతకి మరుసటి మధ్యాహ్నం 42 గ్రాముల చక్కెర, 30 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న పానీయం ఇచ్చారు. ఇంకో రోజు అదే రుచితో ఆ రెండూ లేనిది ఇచ్చారు. తర్వాత గంటన్నర పాటు విసుగు పుట్టే ఒక పని చేయించి, ఎంత వేగంగా స్పందిస్తున్నారో కొలిచారు. మొదట్లో తేడా లేదు. గంట దాటాక చక్కెర పానీయం తాగిన రోజే వాళ్లు ఎక్కువ తప్పులు చేశారు, ఎక్కువ నెమ్మదించారు. నిద్ర తక్కువైన మనిషికి చక్కెర నిద్రమత్తుని ఆపలేదు, పెంచింది. అందులో కెఫీన్ తక్కువ, చక్కెర ఎక్కువ అన్నది గుర్తుపెట్టుకోవాలి. టిన్నులో కెఫీన్ దానికంటే ఎక్కువ కాబట్టి సరిగ్గా అలాగే జరుగుతుందని నేను అనను. కానీ చక్కెర కోసం టిన్ను తాగుతున్నామని అనుకునేవాళ్లకి అందులో ఆధారం లేదని మాత్రం అంటాను. 2019లో ముప్ఫై ఒక్క పరిశోధనలని కలిపి చూసిన ఒక సమీక్ష కూడా అదే చెప్పింది. తీపి తిన్నాక మూడ్ పెరగలేదు, గంటలోపే అలసట పెరిగింది, చురుకుదనం తగ్గింది.

అశోక్‌నగర్‌లో నేను రోజూ చూసిన దృశ్యం ఇదే. తొమ్మిదిన్నరకి టిన్ను తాగినవాడు పదకొండున్నరకి మళ్లీ తూగుతాడు. కెఫీన్ అయిపోయిందనుకుంటాడు. నిజానికి అప్పటికి అది నాలుగింట మూడు వంతుల దాకా ఒంట్లోనే ఉంది. అయినా తూగు వచ్చిందంటే పొద్దుటి నుంచి మేలుకుని ఉండటం, మెస్‌లో తిన్న అన్నం, పైన చక్కెర. వాడికి కావాల్సింది ఇరవై నిమిషాల కునుకు. వాడు కిందికి దిగి రెండో టిన్ను కొంటాడు. అది తెల్లవారుజామున నాలుగు దాకా పనిచేస్తుంది, వాడికి అవసరం లేని వేళలో.

చాయ్‌ని ఈ విషయంలో నేను వెనకేసుకురాను. బండి చాయ్ ఒక్కొక్కటి పది గ్రాముల చక్కెర అని పైన లెక్క వేశాను కదా. పొద్దున్నించి రాత్రి దాకా అయిదు చాయ్‌లు అంటే 50 గ్రాములు, రెండు టిన్నులకి దగ్గరగా. కెఫీన్ 200. "నేను టిన్నులు ముట్టను, చాయ్ మాత్రమే" అని చెప్పేవాళ్లు అంతే చక్కెర, అంతకంటే ఎక్కువ కెఫీన్ మింగుతుండవచ్చు. తేడా ఏమిటంటే చాయ్‌లో చక్కెర మన చేతిలో ఉంటుంది. "అన్నా, చక్కెర లేకుండ ఒకటి విడిగా కొట్టు" అంటే బండాయన కొట్టిస్తాడు. కాఫీ గదిలో కలుపుకుంటే చెంచా మన చేతిలోనే ఉంటుంది. టిన్నులోంచి చక్కెర తీయలేం. చక్కెర లేని టిన్నులు వేరే దొరుకుతాయి. వాటితో చక్కెర బాధ పోతుంది, రాత్రి కెఫీన్ బాధ అలాగే ఉంటుంది.

కప్పు చిన్నదవడం కూడా చాయ్‌కి పెద్ద మేలు. నిద్ర తక్కువైన మెదడుని నిలబెట్టడానికి ఒకేసారి పెద్ద మోతాదు వేయడంకంటే చిన్న చిన్న మోతాదులు మేలు. 40 మిల్లీగ్రాములు తాగి, సరిపోకపోతే గంట తర్వాత ఇంకో 40 తాగొచ్చు. సరిపోతే ఆగిపోవచ్చు. టిన్ను సగం తాగి మూత పెట్టి దాచుకునేవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు, దానికి మూత కూడా ఉండదు.

మా చెల్లికి నేను రాసి పంపిన రాత్రి ఇలా ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకి, కాలేజీ అయిపోయాక, ప్యూర్ ఇన్‌స్టంట్ కాఫీ ఒక చెంచాతో, చక్కెర ఒకే చెంచా. 60 మిల్లీగ్రాములు. ఎనిమిదిలోపు భోజనం. తొమ్మిదింటికి ఒక చిన్న చాయ్, 40 మిల్లీగ్రాములు. అది తాగిన వెంటనే, చదవడం మొదలుపెట్టకుండా, పావుగంటకి అలారం పెట్టుకుని టేబుల్ మీద తల వాల్చాలి. కెఫీన్ పైకెక్కడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఆ లోపు చిన్న కునుకు అడినోసిన్‌ని కొంత తగ్గిస్తుంది. లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. ఇదీ లఫ్‌బరో వాళ్లు చేసి చూసిందే. 1997లో నిద్రమత్తులో ఉన్న డ్రైవర్లకి 150 మిల్లీగ్రాముల కెఫీన్, పావుగంటలోపు కునుకు కలిపి ఇచ్చి సిమ్యులేటర్‌లో నడిపించారు. తప్పకుండా నిద్ర పట్టాలని కూడా లేదు, కళ్లు మూసుకుని ఉన్నా చాలావరకు సరిపోతుంది. తొమ్మిది తర్వాత మంచినీళ్లు, మజ్జిగ. పన్నెండున్నరకి పడుకోవాలి. రెండింటి దాకా లేచి ఉన్నా కూడా ఒంట్లో మిగిలేది కాఫీలోది 18, చాయ్‌లోది 20, కలిపి 38 మిల్లీగ్రాములు. నా 111 తో పోల్చి చూసుకోమన్నాను. చక్కెర 15 గ్రాములు, నా 64 కి బదులు.

దాని వయసు పదిహేడు, బరువు 48 కిలోలు. పిల్లలకి, కౌమారంలో ఉన్నవాళ్లకి కిలో బరువుకి రోజుకి 3 మిల్లీగ్రాములకి మించొద్దన్నది యూరప్ సంస్థ పెట్టుకున్న గీత. దానికది 144 వస్తుంది. రెండు టిన్నులు తాగితే అక్కడే దాటిపోతుంది, సాయంత్రం చాయ్ కలపకముందే. మన దేశంలో కూడా ఈ పానీయాల మీద పిల్లలకి, గర్భిణులకి సిఫారసు చేయబడదని రాయాలి, రోజుకి 500 మిల్లీలీటర్లు మించొద్దని రాయాలి. ఆ మాటలు రాసి ఉన్న సీసాలే ఇరవై రూపాయలకి ఇంటర్ హాస్టళ్ల ఎదుటి షాపుల్లో ఫ్రిజ్ ముందు వరసలో ఉంటాయి. పోలండ్‌లో 2024 జనవరి నుంచి పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకి అమ్మడమే నిషేధించారు, లిథువేనియాలో 2014 నుంచే ఉంది. ఇక్కడ అక్షరాల సైజు పెంచినా చాలా మంది ఆగుతారని నా నమ్మకం.

ఇప్పటికే రోజుకి రెండు మూడు టిన్నులకి అలవాటుపడ్డవాళ్లకి ఒక హెచ్చరిక. పరీక్షకి ముందు రోజు ఇది చదివి అన్నీ ఒక్కసారిగా మానేయకండి. రోజూ తాగే ఒంటికి కెఫీన్ ఆగితే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా పెరుగుతుంది. మత్తు, చిరాకు తోడవుతాయి. అది సరిగ్గా పరీక్ష హాల్లో తగులుకుంటుంది. పరీక్షకి పది పన్నెండు రోజుల ముందు నుంచి మొదలుపెట్టాలి. మొదట రాత్రి పన్నెండింటికి తాగే టిన్ను తీసేయాలి. రెండు మూడు రోజులయ్యాక తొమ్మిదిన్నర టిన్ను బదులు ఒక చాయ్ పెట్టుకోవాలి. తర్వాత అన్నిటినీ సాయంత్రం వైపు జరపాలి. గుండె జబ్బో బీపీయో ఉన్నవాళ్లు, దడకి మందులు వాడేవాళ్లు ఈ లెక్కలతో పని పెట్టుకోకుండా తమ డాక్టర్ని అడగాలి.

పోయిన ఆదివారం చెల్లి మళ్లీ ఫోన్ చేసింది. పావుగంట కునుకు మొదటి రెండు రోజులు కుదరలేదట, రూమ్మేట్లు లేపేశారట. మూడో రోజు నుంచి దాంతోపాటు ఇంకో అమ్మాయి కూడా టేబుల్ మీద తల పెట్టి పడుకుంటోందట. "కాఫీ ప్యాకెట్ వెనక చూసినా అన్నా, మాది చికోరీ 47 శాతం ఉంది" అంది. వేరేది కొనుక్కోమని డబ్బులు పంపాను.